ఇంటర్వ్యూ రికార్డింగ్ నుంచి థీమ్ దాకా: ప్రతి మాటకూ నిమిషం, సెకను చూపించే పద్ధతి

పోయిన మిర్చి సీజన్‌లో మా టీమ్ వరంగల్ ఏనుమాముల మార్కెట్ యార్డులో ఎనిమిది మంది రైతులను ఇంటర్వ్యూ చేసింది. యార్డు ధరలు, సరుకు అమ్మిన పైసల వివరాలు చూపించే ఒక యాప్ కోసం ఆ పని. మొత్తం రికార్డింగ్ ఐదు గంటల పైచిలుకు. వాటిని కోడ్ చేసి, అంటే ఒక్కో మాటకు అందులో ఏముందో చెప్పే చిన్న పేరు పెట్టి, ప్రాడక్ట్ టీమ్‌కు ఇచ్చే బాధ్యత నాది.

మొదటిసారి ఆ పని తప్పు చేశాను. రైతులు యాప్‌లో ధర చూస్తున్నారు, కానీ ఆ ధరను బట్టి సరుకు తేవడం లేదు. ఆ మాటలన్నిటికీ నేను పెట్టిన కోడ్ 'యాప్ ధర మీద నమ్మకం లేదు'. టీమ్ దాన్ని చదివి, ధర పక్కన 'మార్కెట్ కమిటీ ధ్రువీకరించినది' అని ఒక గుర్తు పెట్టడానికి డిజైన్ మొదలుపెట్టింది. పది రోజుల తర్వాత ఒక డెవలపర్ "అసలు రైతు ఏమన్నాడో ఒక్కసారి వినిపిస్తారా?" అని అడిగాడు. నా దగ్గర సారాంశం ఉంది, నిమిషం లేదు. రికార్డింగ్ మొత్తం మళ్లీ తిప్పి వెతికి వినిపిస్తే అప్పుడు అర్థమైంది: రైతుకు ఆ ధర మీద అనుమానమే లేదు. అది నిజమైన ధరే, కానీ తన సరుకు ధర కాదు అంటున్నాడు. ఈ రెండూ వేర్వేరు సమస్యలు. ధ్రువీకరణ గుర్తు పెట్టినా రెండోది తీరదు.

ఆ తర్వాత ఎనిమిది ఇంటర్వ్యూలనూ మొదటి నుంచి మళ్లీ కోడ్ చేశాను. అప్పుడు పాటించిన పద్ధతినే ఇక్కడ రాస్తున్నాను. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్, ఆడియో ఫైళ్లు మార్చి కోయడానికి ffmpeg, ఒక స్ప్రెడ్‌షీట్ చాలు.

ముందు ఫైళ్లు సరిచేసుకోండి

టైమ్‌స్టాంప్ అనేది ఫైలుకు కట్టిన గుర్తు. ఫైలు మారితే గుర్తు పనికిరాదు. కాబట్టి కోడింగ్ మొదలుపెట్టే ముందే ఫైళ్లు ఖరారు కావాలి.

రైతు పేరు, ఊరు ఫైలు పేరులో రాయకండి. R01 నుంచి R08 దాకా నంబర్లు ఇవ్వండి. ఎవరికి ఏ నంబరో రాసిన కాగితం విడిగా, ఒక్కరి దగ్గరే ఉండాలి. మధ్యలో ఫోన్ వచ్చి రికార్డింగ్ రెండు ముక్కలైతే R05_a, R05_b అని పెట్టండి. రెండో ముక్కలో గడియారం మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి, 'R05లో 12వ నిమిషం' అని రాస్తే ఏ 12వ నిమిషమో ఎవరికీ తెలియదు.

ఫోన్‌లో రికార్డు చేసిన ఫైలును WAVలోకి మార్చుకోండి. కొన్ని MP3 ఫైళ్లలో బిట్‌రేట్ మారుతూ ఉంటుంది. వాటిని ఒక ప్లేయర్‌లో 21వ నిమిషానికి జరిపితే ఒక చోట, ఇంకో ప్లేయర్‌లో జరిపితే కొన్ని సెకన్లు అటూ ఇటూ పడుతుంది. WAVలో ఆ బాధ లేదు. మాట వినడానికి ఈ నాణ్యత చాలు, గంటకు సుమారు 115 ఎంబీ అవుతుంది:

```
ffmpeg -i R05.m4a -ar 16000 -ac 1 R05.wav
```

ఒకసారి కోడింగ్ మొదలయ్యాక ఆ ఫైలు మొదట్లో ఉన్న పలకరింపులను కత్తిరించడం లాంటివి చేయకండి. ముందు రెండు నిమిషాలు తీసేస్తే, అప్పటిదాకా రాసుకున్న ప్రతి గుర్తూ రెండు నిమిషాలు తప్పుతుంది.

ఇంకో మాట, అనుమతి గురించి. "రికార్డు చేసుకోవచ్చా?" అని అడిగి ఊరుకుంటే సరిపోదు. "మీ గొంతు మా ఆఫీసులో పది మందికి వినిపించొచ్చా?" అని విడిగా అడగాలి. మా ఎనిమిది మందిలో ఒకరు రికార్డింగ్‌కు సరే అన్నారు, వినిపించడానికి వద్దన్నారు. ఆయన మాటలను రాతలో మాత్రమే వాడాం. షీట్‌లో ఆయన వరుసలన్నిటికీ 'ఆడియో వద్దు' అని రాసి పెట్టుకున్నాను.

మొదటిసారి వినేటప్పుడు ఏ కోడూ పెట్టకండి

ఒక్కో రికార్డింగ్‌ను ఆపకుండా మొదటి నుంచి చివరి దాకా వినండి. తర్వాత ఐదారు వాక్యాల్లో రాసుకోండి: ఈయన ఎవరు, సరుకు ఎక్కడి నుంచి తెచ్చాడు, ఫోన్ ఎవరిది, ఎక్కడ గొంతు మారింది. ఇది చేయకుండా నేరుగా గుర్తులు పెడితే మొదటి పది నిమిషాల్లో విన్నదే ఇంటర్వ్యూ మొత్తానికి అర్థమైపోతుంది. మా R03 మొదట యాప్‌ను తెగ మెచ్చుకున్నారు. 26వ నిమిషంలో యాప్ తాను తెరవనని, కొడుకు చూసి చెప్తాడని తేలింది. అది ముందే తెలిసి ఉంటే ఆ మెచ్చుకోలును వేరుగా చదువుతాం.

రెండోసారి: ముక్కను గుర్తించడం

ఇప్పుడు ఆడాసిటీలో ఫైలు తెరవండి. ఒక మాట ఉన్న భాగాన్ని మౌస్‌తో ఎంచుకుని `Ctrl+B` నొక్కితే కింద ఒక లేబుల్ పడుతుంది, అందులో కోడ్ రాస్తారు. వింటూ వింటూ ఒక చోట గుర్తు మాత్రమే పెట్టాలనుకుంటే `Ctrl+M`.

ముక్క ఎక్కడ మొదలుపెట్టాలి? రైతు జవాబు దగ్గర కాదు, దానికి ముందు మనం అడిగిన ప్రశ్న దగ్గర. నేను మొదటిసారి చేసిన తప్పుల్లో ఇదే పెద్దది. ప్రశ్న లేకుండా జవాబు ఒక్కటే కోస్తే, ఆ మాట ఆయన తనంతట తానే అన్నాడో, మనం నోట్లో పెడితే అన్నాడో తెలియదు. ఎక్కడ ఆపాలంటే, ఆయన ఆ విషయం వదిలి వేరే దానికి మళ్లిన చోట. ఎక్కువ ముక్కలు 20 నుంచి 60 సెకన్ల లోపు వస్తాయి. రెండు నిమిషాలు దాటిందంటే లోపల రెండు విషయాలు ఉన్నాయని అనుమానించండి.

R05 నుంచి ఒక ముక్క చూద్దాం. 00:21:10 నుంచి 00:21:48 దాకా.

మా టీమ్ అమ్మాయి: "పొద్దుగాల యాప్‌ల రేటు చూసినంక ఏం చేసిన్రు కాకా?"

రైతు: "ఏం చేస్త బిడ్డా. అండ్ల ఉన్నది జెండా పాట రేటు. నా మాలుకు గది పడ్తదా? తేమ అంటడు, తాలు అంటడు, తగ్గిస్తడు. అడ్తిదారుకు ఫోన్ జేసిన, ఇయ్యాల తేవాల్నా ఆగాల్నా అని."

యార్డు తెలియని వాళ్ల కోసం: జెండా పాట అంటే ఆ రోజు పొద్దున వేలం మొదట్లో మంచి సరుకుకు పలికే ధర. మిగతా లాట్లకు నాణ్యతను బట్టి అంతకంటే తక్కువ పడుతుంది. తాలు అంటే రంగు పోయిన నాసిరకం కాయ. అడ్తిదారు అంటే యార్డులో రైతు సరుకును కమిషన్ మీద అమ్మిపెట్టే మనిషి.

ఈ 38 సెకన్లకు నేను మొదట పెట్టిన కోడ్ 'నమ్మకం లేదు'. ఇప్పుడు పెట్టినవి మూడు: 'యాప్‌లోది జెండా పాట అని తెలుసు', 'తన సరుకుకు తగ్గుతుందని లెక్క', 'తెచ్చే రోజు అడ్తిదారును అడిగి నిర్ణయం'. తేడా గమనించండి. 'నమ్మకం లేదు' నా అభిప్రాయం. ఆ ముక్కలో ఆయన ఆ మాట అనలేదు. తర్వాతి మూడూ ఆయన అన్నవి, చేసినవి. ఆ ముక్క విన్న ఎవరైనా 'అవును, ఇది ఉంది' అనగలరు. నా పరీక్ష ఇదే: కోడ్ పేరు చదివి, క్లిప్ విని, పక్కవాడు అవునో కాదో చెప్పగలగాలి. 'ధర', 'ఫోన్', 'పైసలు' లాంటి ఒంటి మాటలు కూడా కోడ్‌గా పనికిరావు. అవి విషయాలు. ఆ విషయం గురించి ఏమన్నారో వాటిలో ఉండదు.

మాటను ఉన్నదున్నట్టే రాయండి. 'గది పడ్తదా' అన్నదాన్ని 'ఆ ధర లభించదు' అని పుస్తక భాషలోకి మార్చకండి, ఇంగ్లీషులోకి అసలే వద్దు. మార్చితే ప్రశ్నలో ఉన్న విసుగు పోయి, ఒక సమాచారంలా మిగులుతుంది. టీమ్‌లో తెలుగు రాని వాళ్లుంటే అనువాదం పక్క కాలమ్‌లో పెట్టండి, అసలు మాటను తీసేయకండి.

మాటలు లేని చోటును కూడా రాయాలి. R04ను "యాప్ ఎట్లున్నది?" అని అడిగితే నాలుగు సెకన్లు ఏమీ అనలేదు. తర్వాత "మంచిగనే ఉన్నది సార్" అన్నారు. రాతలో అది మెప్పుదల. వింటే, ఎదురుగా కూర్చున్న మనిషిని నొప్పించడం ఇష్టం లేని మర్యాద. మన దగ్గర 'మంచిగనే', 'చూస్త తియ్యి' అన్న మాటలు చాలాసార్లు 'వద్దు' అనడానికి మెత్తని దారులు. అందుకే '4 సె. మౌనం' అని మాటతో పాటే రాశాను, కోడ్ 'మెచ్చుకోలు' అని పెట్టలేదు.

షీట్‌లోకి తేవడం

ఆడాసిటీ `File` మెనూలో ఎగుమతి కింద `Export Labels` ఉంటుంది. దాంతో వచ్చే టెక్స్ట్ ఫైలులో ఒక్కో వరుస ఇలా ఉంటుంది, సమయం సెకన్లలో:

```
1270.000000	1308.000000	యాప్‌లోది జెండా పాట అని తెలుసు; తన సరుకుకు తగ్గుతుందని లెక్క; తెచ్చే రోజు అడ్తిదారును అడిగి నిర్ణయం
```

దీన్ని ఒక ఖాళీ షీట్‌లో A2 గడి నుంచి అతికించి, సెకన్లను గడియారంలోకి మార్చండి. ఒక రోజులో 86400 సెకన్లు కాబట్టి `=A2/86400` రాసి, ఆ కాలమ్ ఫార్మాట్ `hh:mm:ss` పెడితే 1270 అన్నది 00:21:10 అవుతుంది. చేత్తో రాసే వాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: 21:10 అని కొడితే స్ప్రెడ్‌షీట్ దాన్ని రాత్రి తొమ్మిది గంటల పది నిమిషాలుగా తీసుకుంటుంది. ఎప్పుడూ 00:21:10 అని పూర్తిగా కొట్టండి.

అసలు షీట్‌లో నా కాలమ్‌లు ఇవి: మనిషి, ఫైలు, మొదలు, ముగింపు, ఉన్నదున్నట్టు మాట, కోడ్, 'అడిగితేనా తనంతటనా', నా గమనిక. ఒక ముక్కకు మూడు కోడ్‌లుంటే మూడు వరుసలు చేయండి. ఒకే గడిలో మూడూ ఇరికిస్తే తర్వాత లెక్క రాదు. నా ఊహలకు చోటు గమనిక కాలమ్ ఒక్కటే. 'కొడుకు మీద కోపం ఉన్నట్టుంది' లాంటివి అక్కడే ఆగాలి, కోడ్‌లోకి రాకూడదు.

నలభై నిమిషాల రికార్డింగ్‌కు ఈ పని మొత్తం నాకు రెండు నుంచి రెండున్నర గంటలు పడుతుంది. రోజుకు మూడుకు మించి చేస్తే చివరి దానిలో గుర్తులు పలచబడటం నేనే గమనించాను. ఎంత టెన్షన్ ఉన్నా మూడు దగ్గర ఆపేస్తాను.

కోడ్‌లకు హద్దులు రాయడం

మొదటి మూడు ఇంటర్వ్యూల తర్వాత నా దగ్గర 41 కోడ్‌లు తేలాయి. చాలా వాటికి పేర్లు వేరు, విషయం ఒకటే. అప్పుడు ఆగి, వాటిని కలిపి 17కు తెచ్చి, ఒక్కోదానికి మూడు వాక్యాలు రాశాను: ఇది ఏమిటి, ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు పెట్టకూడదు. మూడో వాక్యమే ఎక్కువ పని చేస్తుంది. ఉదాహరణకు:

'యాప్‌లోది జెండా పాట అని తెలుసు': యాప్‌లో కనిపించేది పై ధర మాత్రమే అని రైతు తన మాటల్లో చెప్పినప్పుడు పెట్టాలి. 'ధర తక్కువ పడింది' అని ఊరికే అన్నప్పుడు పెట్టకూడదు, ఎందుకంటే అందులో యాప్‌తో పోలిక లేదు.

తర్వాత ఇంటర్వ్యూ చేసిన అమ్మాయికి ఈ జాబితా, R06 ఇచ్చి, నా గుర్తులు చూపించకుండా కోడ్ చేయమన్నాను. ఎన్ని కలిశాయన్న దానికంటే ఎక్కడ కలవలేదన్నది చూడండి. మాకు తేడా వచ్చింది అడ్తిదారు దగ్గర. "వాళ్ల దగ్గరే అప్పు తెచ్చిన గద, వాళ్లకే వెయ్యాలె" అన్న మాటకు నేను 'అడ్తిదారును అడిగి నిర్ణయం' పెట్టాను, ఆమె ఏదీ పెట్టలేదు. "ఆయనకు నిర్ణయమే లేదు కదా అన్నా, ఇంక అడిగేదేముంది?" అంది. ఆమె మాటే సరైనది. 'అప్పు వల్ల అడ్తి ముందే ఖాయం' అని కొత్త కోడ్ వచ్చింది. కొత్త కోడ్ పుట్టిందంటే, అప్పటికే పూర్తయిన రికార్డింగ్‌లను ఆ ఒక్క కోడ్ కోసం మళ్లీ చూడాలి. ఇది విసుగు పని, కానీ వదిలేస్తే మొదటి ఇంటర్వ్యూల్లో ఆ విషయం లేనే లేదని లెక్క తప్పుగా వస్తుంది.

కోడ్‌ల నుంచి థీమ్

థీమ్ అంటే కోడ్‌ల గుంపుకు పెట్టిన శీర్షిక అని చాలామంది అనుకుంటారు. 'ధర సమాచారం' అని రాస్తే ప్రాడక్ట్ టీమ్ దానితో ఏమీ చేయలేదు. థీమ్ ఒక పూర్తి వాక్యం కావాలి. ఎవరు, ఏ సందర్భంలో, ఏం చేస్తున్నారు, ఎందుకు అన్నవి అందులో ఉండాలి. తప్పని నిరూపించడానికి వీలుండాలి కూడా.

కలిసి వచ్చిన కోడ్‌లు చూసి నేను రాసిన మొదటి వాక్యం: 'రైతు యాప్ ధరను జెండా పాటగా చూస్తాడు, సరుకు ఎప్పుడు తేవాలో దాన్ని బట్టి నిర్ణయించుకోడు.' దీన్ని రెండు రకాలుగా పరీక్షించాలి.

మొదటిది లెక్క. ఎన్నిసార్లు అన్నారని కాదు, ఎంత మంది అన్నారని చూడాలి. R02 ఒక్కరే ఈ మాట ఏడుసార్లు అన్నారు. వరుసలు లెక్కపెడితే అది ఏడుగురు అన్నట్టు కనిపిస్తుంది. గూగుల్ షీట్స్‌లో, A మనిషి, F కోడ్ అయితే:

```
=COUNTUNIQUEIFS(A2:A, F2:F, "యాప్‌లోది జెండా పాట అని తెలుసు")
```

మాకు 5 వచ్చింది. ఆ ఐదుగురిలో నలుగురు తమంతట తామే అన్నారు. ఐదో మనిషిని మేమే "ఆ ధరను నమ్ముతరా?" అని అడిగాం. అది దారి చూపే ప్రశ్న కాబట్టి ఆ జవాబును బలహీనమైనదిగా రాసుకున్నాను. ఎనిమిది మందితో శాతాలు మాత్రం రాయకండి. '8 మందిలో 5' అని రాస్తే చదివేవాళ్లకు చిన్న లెక్కని తెలుస్తుంది, '62 శాతం' అంటే ఏదో సర్వే అనుకుంటారు.

రెండోది ఎదురు సాక్ష్యం. థీమ్‌కు సరిపడని వాళ్లను పని పెట్టుకుని వెతకాలి. R07 సరిపడలేదు. 00:30:15 దగ్గర ఆయన మాట: "నేను దినాం చూస్త. రేటు ఎక్కుతున్నదా దిగుతున్నదా గదే నాకు గావాలె. నా కాయకు ఎంత పడ్తదో నాకెర్క." ఈయన యాప్ ధరను బట్టే నిర్ణయం తీసుకుంటున్నాడు. ఎందుకు తేడా అని మొదటిసారి విన్నప్పటి గమనికలు తిరగేస్తే జవాబు అక్కడే ఉంది: ఈయన సరుకు కోల్డ్ స్టోరేజీలో ఉంది. ఆగగలడు. కల్లం నుంచి నేరుగా తెచ్చేవాళ్లు అట్లా ఆగలేరు. R08 కూడా కోల్డ్ స్టోరేజీ మనిషే, ఆయనదీ అదే తీరు.

అంటే థీమ్ తప్పు కాదు, హద్దు తప్పు. సవరించిన వాక్యం: 'కల్లం నుంచి నేరుగా తెచ్చే రైతు యాప్ ధరను జెండా పాటగా చూస్తాడు, తన సరుకుకు ఎంత పడుతుందో అందులో తెలియదు కాబట్టి అడ్తిదారును అడుగుతాడు. కోల్డ్ స్టోరేజీలో పెట్టిన రైతు అదే ధరను పెరుగుదల, తగ్గుదల చూడటానికి వాడుతాడు.' నేరుగా తెచ్చే ఆరుగురిలో ఐదుగురు మొదటి భాగానికి సాక్ష్యం. ఆరో మనిషి R03, యాప్ తెరవని ఆయన. ఆయన్ను అటూ ఇటూ వేయలేదు, 'వర్తించదు' అని రాశాను.

టీమ్ చేతికి ఇచ్చేది

ఒక థీమ్‌కు ఒక పేజీ. పైన ఆ వాక్యం, కింద లెక్క, ఆ కింద మూడు నాలుగు మాటలు, ఒక్కోదాని పక్కన మనిషి నంబరు, సమయం. ఎదురు సాక్ష్యం కూడా అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో ఉండాలి. వినిపించడానికి క్లిప్ కోసుకోవాలంటే:

```
ffmpeg -ss 00:21:10 -i R05.wav -t 38 R05_2110.mp3
```

కోసిన తర్వాత ఒకసారి మీరే వినండి. యార్డులో రికార్డు చేసినప్పుడు వెనక ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలుస్తుంటారు, రైతు కూడా మధ్యలో అడ్తిదారు పేరు అంటాడు. అలాంటి చోట ఆడాసిటీలో ఆ భాగం ఎంచుకుని `Ctrl+L` నొక్కితే అక్కడ నిశ్శబ్దం అవుతుంది. నిడివి మారదు. ఇది క్లిప్‌లో మాత్రమే చేయాలి, అసలు ఫైలులో కాదు.

పేజీ చివర ఈ ఇంటర్వ్యూలు ఏం చెప్పలేవో కూడా రాశాను. అందరూ యార్డుకు వచ్చిన రైతులే, ఊళ్లోనే వ్యాపారికి అమ్మేసే వాళ్లు ఇందులో లేరు. అందరిదీ మిర్చే, పత్తి రైతుతో మాట్లాడలేదు. ఇంకొకటి, వాళ్లు చేశామని చెప్పింది విన్నాం, చేస్తుంటే చూడలేదు.

రెండో మీటింగ్‌లో స్లైడ్‌లు లేవు. వాక్యం చదివి R05, R02, R07 క్లిప్‌లు వరసగా వినిపించాను, మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. R02 గొంతు ఇలా అంది: "గది ఒక్కలకో ఇద్దరికో పడ్తది. మిగిలినోళ్లకు పడేది ఎందుకు చూపెట్టరు?" ధ్రువీకరణ గుర్తు డిజైన్‌ను ఆ రోజే పక్కన పెట్టారు. దాని చోట కనిష్ఠ, గరిష్ఠ ధరలతో పాటు ఎక్కువ లాట్లకు పలికిన ధర చూపించే కార్డు గీశారు, కోల్డ్ స్టోరేజీ వాళ్లకు పదిహేను రోజుల ధరలు చూపించే గీత పెట్టారు. ఆ డిజైన్ టికెట్‌లో కారణం అన్న చోట డెవలపర్ రాసింది ఇంతే: R05 00:21:10, R02 00:09:02, R07 00:30:15.